కొట్టినవాడికి బిళ్ళ, దెబ్బ తిన్నవాడికి బిళ్ళ

పోయిన నెల పూణెలో ఉండే మా చెల్లెలి మనవరాలు ఫోన్లో ఒక ప్రశ్న వేసింది. దానికి ఫోన్లో చెప్పిన జవాబు చాలలేదు. మన సంఘంలో షోలాపూర్, పూణె, ముంబయి నుంచి చదివేవాళ్ళు ఉన్నారు, పిల్లలకు హిందీ పాఠాలు చెప్పించేవాళ్ళు మద్రాసులోనూ ఉన్నారు. అందరికీ పనికొస్తుందని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

పిల్ల అడిగింది ఇది. "తాతా, నేను ఆడపిల్లను. అన్న మగపిల్లవాడు. నేను మామిడిపండు తిన్నాను అని హిందీలో చెబితే 'మైనే ఆమ్ ఖాయా' అనాలట. అన్న రొట్టె తిన్నాను అంటే 'మైనే రోటీ ఖాయీ' అనాలట. ఖాయీ అంటే ఆడవాళ్ళు అనేది కదా? అన్న ఎందుకు ఆడపిల్లలాగా మాట్లాడాలి?"

టీచరమ్మ దానికి చెప్పిన జవాబు, రూలు అంతే, బట్టీ పట్టు అని. ఇదే జవాబు నలభై ఏళ్ళ కింద మా ఆఫీసులో కూడా విన్నాను. మా రోజుల్లో తమిళ మీడియంలో చదివినవాళ్ళకు బళ్ళో హిందీ లేదు. రైల్వేలో చేరినాక ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని మూడు పరీక్షలు. సాయంత్రం డ్యూటీ దిగి క్లాసులో కూర్చునేవాళ్ళం. ఆ క్లాసులో 'నే' అనే ఒక్క అక్షరం దగ్గర మదురై వాళ్ళు, కడప వాళ్ళు, పాలక్కాడు వాళ్ళు అందరూ ఒకేచోట కాలు జారేవాళ్ళు. మద్రాసీలకు ఆడ మగ తేడా తెలియదు అని వెక్కిరించేవాళ్ళు కొందరు ఉండేవారు. అది తేడా తెలియకపోవడం కాదు. చేసినవాణ్ణి వాక్యంలో గుర్తు పట్టే పద్ధతే మన భాషల్లో వేరు, హిందీలో వేరు. ఈ సంగతి నాకు ఆ క్లాసులో ఎవరూ చెప్పలేదు. రిటైరయినాక పుస్తకాలు చదివి తెలుసుకున్నాను.

పార్సిల్ ఆఫీసు నుంచే మొదలుపెడతాను, నాకు తెలిసిన చోటు అదే.

మూడు మనుషులను మనసులో పెట్టుకోండి. ఒకడు వచ్చినాడు. ఇంకొకడు కొట్టినాడు. మూడోవాడు దెబ్బ తిన్నాడు. 'కూలీ వచ్చినాడు' అనే వాక్యంలో ఒకడే ఉన్నాడు. 'కూలీ గుమాస్తాను కొట్టినాడు' అనే వాక్యంలో ఇద్దరున్నారు. ఇద్దరున్నప్పుడే చిక్కు. ఎవరు కొట్టినారు, ఎవరికి తగిలింది అని వినేవాడికి తెలియాలి. దానికి ఇద్దరిలో ఒకరికి బిళ్ళ తగిలిస్తే చాలు. బిళ్ళ బంట్రోతు అంటామే, ఆ బిళ్ళ. ఒకరికి ఉంటే, లేనివాడు ఇంకొకడని తెలిసిపోతుంది. వచ్చినవాడు ఒంటరి కనుక అతనికి బిళ్ళతో పని లేదు.

తెలుగు బిళ్ళను దెబ్బ తిన్నవాడికి తగిలించింది. గుమాస్తా-ను. కొట్టిన కూలీకి ఏమీ లేదు. వచ్చిన కూలీ ఎట్లా ఉన్నాడో కొట్టిన కూలీ కూడా అట్లానే ఉన్నాడు. తమిళంలోనూ ఇంతే, 'ఐ' అని చేరుస్తాము. కన్నడం ఇంతే. యానాం మనవాళ్ళ పెద్దలు నేర్చిన ఫ్రెంచిలో ప్రత్యయం లేకపోయినా మాటల వరుస ఇదే పని చేస్తుంది. క్రియ కూడా వచ్చినవాడికి, కొట్టినవాడికి ఒకే రకంగా లొంగుతుంది. కూలీ మగవాడైతే వచ్చినాడు, కొట్టినాడు. ఆడమనిషి అయితే వచ్చింది, కొట్టింది. దెబ్బ తిన్నది ఆడా మగా, పెట్టెనా మనిషా అని క్రియ అడగదు. (ఇక్కడ ఒక మాట. తమిళంలో ఆడమనిషికి 'వందాళ్' అని వేరే రూపం ఉంది. మన తెలుగులో అమ్మ వచ్చింది, పెట్టె వచ్చింది, రెండూ ఒకటే. చిన్నప్పుడు దీనికి మా తమిళ స్నేహితులు నవ్వేవాళ్ళు. సరే, అది వేరే కథ.)

ఇంకొక పద్ధతి ఉంది. బిళ్ళను కొట్టినవాడికి తగిలించడం. అప్పుడు దెబ్బ తిన్నవాడు బిళ్ళ లేకుండా, ఊరికే వచ్చినవాడిలాగే ఉంటాడు. ఇట్లా చేసే భాషలను ఇంగ్లీషులో ఎర్గటివ్ భాషలు అంటారు. గ్రీకులో 'ఎర్గోన్' అంటే పని. ఆ మాటకు ఇది చుట్టం. పని చేసినవాడికి ప్రత్యేకంగా గుర్తు వేసే భాష అని అర్థం. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు కొండల్లో బాస్క్ భాష ఇట్లాంటిది. అంత దూరం పోనవసరం లేదు. మన పక్కనే హిందీ, మరాఠీ భూతకాలంలో ఈ పనే చేస్తాయి.

ఇప్పుడు పార్సిల్ పెట్టెను తీసుకుందాము. హిందీలో పేటీ స్త్రీలింగం. అదే వస్తువును బక్సా అంటే పుంలింగం.

పెట్టె విరిగింది అంటే 'పేటీ టూటీ'. బక్సా అయితే 'బక్సా టూటా'. ఇక్కడ విరిగినది ఒక్కటే, క్రియ దానితో కలిసిపోయింది. ఇంతవరకు మనకు కష్టం లేదు.

కూలీ పెట్టెను విరగ్గొట్టినాడు అంటే? 'కులీ నే పేటీ తోడీ'. బక్సాను విరగ్గొడితే 'కులీ నే బక్సా తోడా'. విరగ్గొట్టినది ఆడమనిషి అయినా 'ఔరత్ నే బక్సా తోడా' అనే అంటారు. ఇప్పుడు నాలుగు క్రియలను పక్కపక్కన పెట్టి చూడండి. టూటీ, తోడీ. టూటా, తోడా. పెట్టె తనంతట తాను విరిగినా, ఎవరైనా విరగ్గొట్టినా, క్రియ పెట్టె చెయ్యే పట్టుకుంది. విరగ్గొట్టినవాడు నే అనే బిళ్ళ తగిలించుకుని పక్కన నిలబడినాడు. క్రియ అతన్ని చూడనే చూడదు. అదే కూలీ ఊరికే వస్తే 'కులీ ఆయా', బిళ్ళ లేదు.

పిల్లకు ఇదే చెప్పినాను. అమ్మా, ఖాయీ అనేది మీ అన్నను గురించి చెప్పే మాట కాదు, రొట్టెను గురించి చెప్పే మాట. నువ్వు ఖాయా అన్నది నీ గురించి కాదు, మామిడిపండు గురించి. 'మైనే' అనే మాటలో బిళ్ళ చేరగానే నువ్వు క్రియ చేతిలో నుంచి విడిపోయినావు. ఆడపిల్లవైనా మగపిల్లవాడివైనా దానికి పట్టింపు లేదు.

అయితే ఇది భూతకాలంలో, పని ముగిసినట్టు చెప్పేచోట మాత్రమే. 'కులీ పేటీ తోడ్‌తా హై' అంటే రోజూ విరగ్గొడతాడు. ఇక్కడ నే లేదు, క్రియ కూలీతోనే ఉంది, అచ్చం తెలుగు మాదిరి. ఒకే భాష, వర్తమానంలో మన దారి, గడిచిన పనిలో ఇంకొక దారి. ఇట్లా సగం సగం ఉండడం హిందీకి ఒక్కదానికే వచ్చిన వింత కాదు, ప్రపంచంలో చాలా ఎర్గటివ్ భాషలు ఎక్కడో ఒకచోట చీలి ఉంటాయి.

ఎందుకు చీలింది? సంస్కృతం కొంచెం తెలిసినవాళ్ళకు ఇది సులభం. 'మయా పుస్తకం పఠితమ్' అంటాము. నా చేత పుస్తకం చదవబడింది. 'మయా పత్రికా లిఖితా', పత్రిక స్త్రీలింగం కాబట్టి లిఖితా. చేసినవాడు 'చేత' విభక్తిలో ఉన్నాడు, చివరి మాట వస్తువు లింగాన్ని తీసుకుంది. సంస్కృతంలో గడిచిన పనిని చెప్పడానికి వేరే క్రియారూపాలు చాలా ఉండేవి. కాలం గడిచేకొద్దీ, ప్రాకృతాల్లో అవి అరిగిపోయి, ఈ 'పఠితమ్, లిఖితా' పద్ధతే భూతకాలం పని మొత్తం నెత్తిన వేసుకుంది. వర్తమానానికి ఆ గతి పట్టలేదు, అక్కడ పాత పద్ధతే నిలిచింది. అందుకే చీలిక సరిగ్గా భూతకాలం గట్టు మీద పడింది. నే అనే అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది అనేదానిలో పండితులకు ఒక మాట లేదు, కానీ వాక్యం కట్టుబడి వచ్చిన దారి మాత్రం ఇదే.

ఇక్కడ ఒక పెద్దాయన లేచి, అయితే ఇది కర్మణి ప్రయోగమే కదా, 'చేత' అనే కదా అంటారు. కాదు. పుట్టుక అక్కడే, ఇప్పుడు కాదు. హిందీకి కర్మణి వేరుగా ఉంది, 'రామ్ సే రోటీ ఖాయీ గయీ' అంటారు. 'నే' వాక్యంలో చేసినవాడే ఇంకా యజమాని. ఎట్లా తెలుస్తుంది? తెలుగులో 'రాముడు ఇంటికి వచ్చి రొట్టె తిన్నాడు' అంటే వచ్చినదీ తిన్నదీ ఒక్కరే. హిందీలో 'రామ్ నే ఘర్ ఆకర్ రోటీ ఖాయీ' అన్నా ఇంటికి వచ్చింది రాముడే, రొట్టె కాదు. 'రామ్ నే రోటీ ఖాయీ ఔర్ సో గయా' అంటే నిద్రపోయింది రాముడే. అంటే హిందీలో బిళ్ళ, క్రియ వేషం మారినాయి గాని, లోపల కథ నడిచేది మన తెలుగు మాదిరే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందకు పనికొస్తుంది.

పరీక్షకు పోయేవాళ్ళకు మూడు చిక్కులు చెప్పి ముందుకు పోతాను. మొదటిది 'కో'. 'సీతా నే గీతా కో దేఖా'. చూసింది ఆడపిల్ల, చూడబడింది ఆడపిల్ల, క్రియ మాత్రం దేఖా. చేసినవాళ్ళకు నే, పడినవాళ్ళకు కో, ఇద్దరికీ బిళ్ళలు పడితే క్రియకు పట్టుకునే చెయ్యి లేదు. అప్పుడు ఊరికే పుంలింగ ఏకవచనంలో నిలబడిపోతుంది. రెండోది, కర్మ ఉన్నా నే పట్టని క్రియలు కొన్ని. తెచ్చుట అనే లానా అందులో ముఖ్యం. 'కులీ పేటీ లాయా' అంటారు. కారణం బాగుంటుంది, లానా అంటే ఒకప్పుడు 'లే ఆనా', తీసుకుని రావడం. చివర ఉన్నది రావడం కాబట్టి వచ్చినవాడికి బిళ్ళ లేదు. మూడోది తుమ్ము. 'ఉస్ నే ఛీంకా'. తుమ్మినది ఒక్కడే, దెబ్బ తిన్నవాడు ఎవరూ లేరు, అయినా నే ఉంది. (ఎదురుగా కూర్చున్నవాడు దెబ్బ తిన్నాడని మా సహోద్యోగి ఒకాయన అనేవాడు.)

మా క్లాసులో మదురై ఆయన ఒకరు దీనికంతా ఒక ఉపాయం కనిపెట్టినాడు. గడిచిన పని ఏది చెప్పాలన్నా 'చుకా' చేర్చేవాడు. 'కులీ పేటీ తోడ్ చుకా', విరగ్గొట్టేసినాడు. 'మై రోటీ ఖా చుకా'. చుకా ఉంటే నే రాదు, క్రియ చేసినవాడితోనే ఉంటుంది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. ఆయన పరీక్ష పాసయి, దానికి ఇచ్చే డబ్బు కూడా తీసుకున్నాడు. అంతా ముగించినవాడిలాగా మాట్లాడతాడని స్టేషన్లో పేరు మాత్రం పడింది.

హైదరాబాదు వాళ్ళు ఈ ఉపాయం కూడా లేకుండా గట్టెక్కినారు. అక్కడి దక్కనీలో నే చాలామంది నోట రాదు. 'మై రోటీ ఖాయా' అని మగవాడు అనేస్తాడు, క్రియ తిన్నవాడి చెయ్యే పట్టుకుంటుంది. దిల్లీ నుంచి వచ్చిన భాష తెలుగు, కన్నడాల మధ్య వందల ఏళ్ళు కాపురం చేసి మన పద్ధతికి తిరిగిందని భాష చదివినవాళ్ళు చెబుతారు. నన్నడిగితే, దాన్ని తప్పు హిందీ అనడం తప్పు. ఒడిశాలో మనవాళ్ళకైతే ఈ బాధే లేదు. ఒడియా ఉత్తరాది కుటుంబమే అయినా, 'ము భాత ఖాఇలి', నేను అన్నం తిన్నాను, అక్కడ క్రియ తిన్నవాడితోనే పోతుంది.

మరాఠీ ఇంకొక వింత. 'త్యానే పోళీ ఖాల్లీ', అతను పోళీ తిన్నాడు. ఇక్కడ బిళ్ళ ఉంది. నేను తిన్నాను అంటే 'మీ పోళీ ఖాల్లీ', 'మీ ఆంబా ఖాల్లా'. మీ అంటే నేను. బిళ్ళ లేదు! కానీ క్రియ మాత్రం పోళీతో, మామిడితోనే పోతుంది. నేను, నువ్వు అనేవాళ్ళకు బిళ్ళ అక్కర్లేదు, మూడోవాడికి కావాలి. ఎదురుగా ఉన్నవాళ్ళం పని చేసేవాళ్ళమని ఎవరికైనా తెలుసు, దూరంగా ఉన్నవాడికే గుర్తు వేయాలి అన్నట్టు ఉంటుంది. పిల్ల ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బళ్ళో హిందీ మాట్లాడుతుంది. ఒకే రొట్టెను మూడు లెక్కల్లో తింటోంది పాపం.

ఇప్పుడు గుర్తుపెట్టుకోమన్న మాటకు వస్తాను. హిందీలో ఎర్గటివ్ పద్ధతి చర్మం వరకే. ఎముకల దాకా పోయిన భాష ఒకటి ఉంది. ఆస్ట్రేలియా ఈశాన్యంలో క్వీన్స్‌లాండ్ అడవుల్లో జిర్బల్ అనే ఆదివాసుల భాష. డిక్సన్ అనే ఆయన అక్కడివాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుని 1972లో దాని వ్యాకరణం అచ్చు వేసినాడు. అత్తగారి వరస వాళ్ళు దగ్గరుంటే మాట్లాడడానికి ఆ భాషలో వేరే మాటలే ఉండేవి, అది ఇంకొక రోజు చెబుతాను.

ఆ భాషలో నాన్న ఙుమ, అమ్మ యబు. మనం బాలశిక్షలో నేర్చి ఎక్కడా వాడని ఙ అక్షరానికి ఇన్నాళ్ళకు పని దొరికింది. 'ఙుమ బనగఞు' అంటే నాన్న తిరిగి వచ్చినాడు. 'ఙుమ యబుఙ్గు బురన్' అంటే అమ్మ నాన్నను చూసింది. చూసిన అమ్మకు 'ఙ్గు' అనే బిళ్ళ, చూడబడిన నాన్నకు ఏమీ లేదు. ఇంతవరకు హిందీ నే మాదిరే.

ఇప్పుడు రెండు పనులు కలపండి. 'ఙుమ యబుఙ్గు బురన్ బనగఞు'. మాట మాటగా, నాన్న, అమ్మ-బిళ్ళతో, చూసింది, తిరిగి వచ్చారు. ఎవరు తిరిగి వచ్చింది? తెలుగులో 'అమ్మ నాన్నను చూసి తిరిగి వచ్చింది' అంటే వచ్చింది అమ్మే, రెండో ఆలోచన లేదు. హిందీలోనూ చూసినవాళ్ళే వస్తారు. జిర్బల్‌లో తిరిగి వచ్చింది నాన్న. బిళ్ళ లేనివాడు ఎవరో అతనే కథ మోసుకుని ముందుకు పోతాడు. చూసిన అమ్మ ఆ వాక్యంతోనే ఆగిపోతుంది. అమ్మే తిరిగి వచ్చింది అని చెప్పాలంటే క్రియకు ఇంకొక ప్రత్యయం తగిలించి, మొదట అమ్మ బిళ్ళను ఊడదీయాలి. అప్పుడు అమ్మ ఒంటరిగా వచ్చినవాళ్ళ వరసలోకి చేరుతుంది, నాన్నకు వేరే ప్రత్యయం పడుతుంది, ఆ తర్వాత అమ్మ రావచ్చు.

అంత లోతు భాషలో కూడా నేను, నువ్వు అనే మాటలు మాత్రం మన పద్ధతిలోనే ఉన్నాయి. వచ్చిన నేను, కొట్టిన నేను ఒకటే, దెబ్బ తిన్న నేనుకు గుర్తు. మరాఠీ 'మీ'కి బిళ్ళ లేనట్టే.

ఈ జిర్బల్ గురించి ఇంత రాయడానికి ఇంకొక కారణం ఉంది. ఆనెట్ ష్మిట్ అనే ఆమె అక్కడి పిల్లలు, యువకులు మాట్లాడే జిర్బల్‌ను విని 1985లో ఒక పుస్తకం వేసింది. వాళ్ళ చుట్టూ అంతా ఇంగ్లీషు. పెద్దవాళ్ళ భాషలో ఈ బిళ్ళకు మాట చివరి అక్షరాన్ని బట్టి చాలా రూపాలు ఉంటాయి. పిల్లల్లో మొదట ఆ రూపాలు తగ్గి తగ్గి ఒకటి రెండుకు వచ్చినాయి. తర్వాత కొందరు బిళ్ళను పూర్తిగా వదిలేసి, కొట్టినవాణ్ణి ముందు, దెబ్బ తిన్నవాణ్ణి వెనక పెట్టి ఇంగ్లీషు వరుసతో సరిపెట్టుకున్నారు. రెండు పనులు కలిపినప్పుడు నాన్న రావడం పోయి అమ్మ రావడం మొదలైంది. మాటలు జిర్బల్ మాటలే. ఇంట్లో అవ్వ ఒక మనిషి వచ్చినాడని చెబితే మనవడికి ఇంకొక మనిషి వచ్చినట్టు వినిపిస్తుంది.

భాష పోయేటప్పుడు మాటలు పోతాయని మనం అనుకుంటాము, మన ఆదివారం క్లాసుల్లో కూడా పిల్లలకు మాటల జాబితాలే ఇస్తాము. అక్కడ మాటలు ఉండగానే చేసినవాడెవరు అనే లెక్క మారిపోయింది.

షోలాపూర్, పూణె వాళ్ళను ఒకటి అడగాలని ఉంది. మీ ఇళ్ళలో మరాఠీ బడికి పోయే పిల్లలు తెలుగులో 'నేను రొట్టె తిన్నాను' అంటున్నారా, లేక ఎప్పుడైనా 'నేను రొట్టె తినింది' అని నోరు జారుతున్నారా? క్రియ రొట్టె చెయ్యి పట్టుకోవడం తెలుగులో ఎవరైనా విని ఉంటే, పిల్ల వయసు, ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు కింద రాయండి. దిద్దకుండా రాయండి.